నెల మధ్యలో నూనె రేటు పెరిగితే నెలాఖరు స్టాకు విలువ ఎంత?

2024 సెప్టెంబర్ 14 నుంచి కేంద్ర ప్రభుత్వం ముడి పామాయిల్, సోయా, సన్‌ఫ్లవర్ నూనెల మీద దిగుమతి సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచింది. సెస్సు, సర్‌చార్జి కలిపి చూస్తే ముడి నూనె మీద మొత్తం భారం 5.5 శాతం నుంచి 27.5 శాతానికి చేరింది. రిఫైన్డ్ నూనె మీద 13.75 నుంచి 35.75 శాతానికి వెళ్లింది. నూనె కొట్లలో రేట్లు రోజుల్లోనే మారిపోయాయి. నెల మొదట్లో ఒక రేటుకు కొన్న టిన్నులూ, నెలాఖరున ఇంకో రేటుకు కొన్న టిన్నులూ ఒకే గోడౌన్‌లో పక్కపక్కన చేరాయి. ఆ నెల 30న స్టాకు లెక్క రాయడానికి కూర్చున్న గుమస్తాకు టిన్నులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం కష్టం కాదు. వాటికి ఏ రేటు కట్టాలన్న దగ్గరే పేచీ వస్తుంది.

దీనికి లెక్కల పుస్తకాల్లో రెండు జవాబులు ఉన్నాయి. మొదట వచ్చిన సరుకు మొదట పోయిందని అనుకునేది ఫిఫో. సరుకంతా కలగలిసిపోయిందనుకుని సగటు రేటు కట్టేది వెయిటెడ్ యావరేజ్, పాఠ్యపుస్తకాల భాషలో భారిత సగటు పద్ధతి. రేట్లు నిలకడగా ఉన్నంత కాలం ఏది వాడినా ఒకటే అంకె వస్తుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. సెప్టెంబర్ 2024 లాంటి నెల వచ్చినప్పుడే తేడా బయటపడుతుంది. ఇంకో సంగతి, సగటులోనే రెండు రకాలున్నాయి. ఆ రెండింటి మధ్య తేడా ఒక్కోసారి ఫిఫోకూ సగటుకూ ఉన్న తేడా కంటే పెద్దదిగా ఉంటుంది.

రాజమండ్రిలో ఒక నూనె హోల్‌సేల్ కొట్టు ఉందనుకుందాం. సరుకు కాకినాడ వైపు రిఫైనరీల నుంచి లారీలో వస్తుంది. 15 కిలోల పామాయిల్ టిన్ను ఒక్కదాన్నే తీసుకుందాం. కింది రేట్లు లెక్క చూపించడం కోసం తీసుకున్నవి, జీఎస్టీ కలపనివి.

| తేదీ | వివరం | టిన్నులు | రేటు (రూ.) | విలువ (రూ.) |
|---|---|---|---|---|
| 1 | ఓపెనింగ్ స్టాక్ | 200 | 1,500 | 3,00,000 |
| 6 | కొనుగోలు | 300 | 1,550 | 4,65,000 |
| 10 | అమ్మకం | 350 | 1,620 | 5,67,000 |
| 17 | కొనుగోలు | 300 | 1,800 | 5,40,000 |
| 21 | అమ్మకం | 250 | 1,880 | 4,70,000 |
| 26 | కొనుగోలు | 200 | 1,900 | 3,80,000 |
| 29 | అమ్మకం | 150 | 1,980 | 2,97,000 |

ఓపెనింగ్‌తో కలిపి చేతికొచ్చింది 1,000 టిన్నులు, వాటికి పెట్టిన డబ్బు 16,85,000 రూపాయలు. అమ్మింది 750 టిన్నులు, మిగిలింది 250. అమ్మకాల మొత్తం 13,34,000. ఇక్కడివరకు ఏ పద్ధతిలోనైనా ఒకటే లెక్క. ఆ 16,85,000లో ఎంత భాగం మిగిలిన 250 టిన్నులకు చెందుతుంది, ఎంత భాగం అమ్ముడైన 750 టిన్నులకు చెందుతుంది అన్నదే తగువంతా. ఈ రెండు ముక్కలూ కలిపితే ఎప్పుడూ 16,85,000 రావాలి. రాకపోతే ఎక్కడో కూడిక తప్పింది. చివరిదాకా చేతిలో ఉంచుకోవలసిన తనిఖీ ఇది.

ఫిఫోలో క్లోజింగ్ స్టాకు కట్టడానికి దగ్గరి దారి ఒకటుంది. అమ్మకాలన్నీ విప్పనక్కర్లేదు. పాతవి ముందు పోయాయంటే మిగిలినవి కొత్తవే కదా, అందుకని నెలాఖరు నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావాలి. మిగిలిన 250లో 26న వచ్చిన 200 టిన్నులూ పూర్తిగా ఉన్నాయి, వాటి విలువ 1,900 చొప్పున 3,80,000. ఇంకా 50 కావాలి, అవి అంతకుముందు 17న వచ్చిన లాట్‌లోవి, 1,800 చొప్పున 90,000. మొత్తం 4,70,000. టిన్నుకు సగటున 1,880 పడింది. అమ్ముడైన సరుకు ఖరీదు మిగిలిన 12,15,000.

వెనక నుంచి వచ్చిన జవాబు సరైనదో కాదో ముందు నుంచి ఒకసారి నడిచి చూసుకోవచ్చు. 10న పోయిన 350లో ఓపెనింగ్ 200, 6వ తేదీ లాట్‌లోంచి 150. వాటి ఖరీదు 5,32,500. 21న పోయిన 250లో 6వ తేదీ లాట్‌లో మిగిలిన 150, 17వ తేదీ లాట్‌లోంచి 100. ఖరీదు 4,12,500. 29న పోయిన 150 మొత్తం 17వ తేదీ లాట్‌లోవే, 2,70,000. మూడూ కలిపితే 12,15,000. సరిపోయింది. దగ్గరి దారిలో ఒకటే షరతు, నెల మధ్యలో స్టాకు ఎక్కడా మైనస్‌లోకి పోకూడదు. దాని సంగతి తర్వాత.

ఇప్పుడు సగటు. చాలామంది నేర్చుకున్న పద్ధతి నెలకంతా ఒకే సగటు తీయడం. మొత్తం ఖరీదు 16,85,000ను మొత్తం టిన్నులు 1,000తో భాగిస్తే 1,685. మిగిలిన 250 టిన్నులకు 4,21,250. అమ్ముడైన వాటికి 12,63,750. రెండు నిమిషాల పని.

రెండో రకం చలన సగటు, అకౌంట్లవాళ్లు మూవింగ్ యావరేజ్ అంటారు. కొత్త సరుకు దిగిన ప్రతిసారీ, గోడౌన్‌లో అప్పటికి ఉన్న సరుకుతో కలిపి కొత్త సగటు కట్టాలి. అమ్మకం జరిగినప్పుడు సగటు మారదు, ఆ రోజు నడుస్తున్న సగటు రేటుకు సరుకు తీసేయాలంతే. 6న కొనుగోలు దిగాక 500 టిన్నులు, 7,65,000 రూపాయలు, సగటు 1,530. 10న 350 పోయాక 150 టిన్నులు మిగిలాయి, విలువ 2,29,500. 17న 5,40,000 సరుకు చేరగానే 450 టిన్నులకు 7,69,500 అయింది, సగటు 1,710. 21న 250 పోగా 200 టిన్నులు, 3,42,000. 26న 3,80,000 సరుకు చేరి 400 టిన్నులకు 7,22,000 అయింది, సగటు 1,805. 29న 150 పోయాక మిగిలిన 250 టిన్నుల విలువ 4,51,250. అమ్ముడైన వాటి ఖరీదు 12,33,750.

అంటే అవే టిన్నులు, అవే బిల్లులు, అదే గోడౌన్. క్లోజింగ్ స్టాకు మాత్రం ఫిఫోలో 4,70,000, చలన సగటులో 4,51,250, నెల సగటులో 4,21,250. స్థూల లాభం అదే వరసలో 1,19,000, 1,00,250, 70,250. ఫిఫోకూ చలన సగటుకూ మధ్య తేడా 18,750 అయితే, రెండు సగటుల మధ్య తేడా 30,000. "మేం వెయిటెడ్ యావరేజ్ వాడతాం" అని చెప్పి ఊరుకుంటే సగం మాటే చెప్పినట్టు. ఏ సగటు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నది కూడా చెప్పాలి.

నెల సగటు ఎందుకు ఇంత కిందికి లాగింది? దీన్ని 10వ తేదీ అమ్మకం దగ్గర ఆగి చూస్తే తెలుస్తుంది. ఆ రోజుకు కొట్టులో ఉన్న టిన్నుల్లో అన్నిటికంటే ఎక్కువ రేటుకు కొన్నది 1,550. అమ్మింది 1,620కి. టిన్నుకు కనీసం 70 రూపాయలు మిగిలినట్టే. కానీ నెల సగటు ఆ అమ్మకానికి వేసే ఖరీదు 1,685. అంటే టిన్నుకు 65 రూపాయలు నష్టం, 350 టిన్నులకు 22,750 నష్టం. సుంకం పెరగకముందే జరిగిపోయిన అమ్మకం మీద, సుంకం పెరిగాక 17న, 26న కొన్న సరుకు ధర వచ్చి పడింది. 10న బిల్లు రాసిన మనిషికి 26న రేటు ఎంత ఉంటుందో ఎలా తెలుస్తుంది? తెలియదు, కానీ నెల సగటుకు తేదీలతో పనిలేదు. నెలంతా ఒకే రోజు అన్నట్టు లెక్క కడుతుంది. ఆ పక్కన తక్కువ రేటు పాత టిన్నులు నెలాఖరు స్టాకులోకి కొంత వచ్చి చేరతాయి, అవి ఎప్పుడో అమ్ముడైపోయినా సరే. అందుకే క్లోజింగ్ విలువ తక్కువ వస్తుంది.

బిల్లువారీ లాభం చూసుకునే అలవాటున్న యజమాని ఈ పద్ధతిలో 10వ తేదీ బిల్లు చూసి గుమస్తాను నిలదీస్తాడు. గుమస్తా తప్పు లేదు, ఆ అమ్మకంలోనూ తప్పు లేదు. నెల సగటు నెల మొత్తానికి ఒక అంకె చెప్పడానికి పనికొస్తుంది, బిల్లువారీ లాభం చెప్పడానికి కాదు. రేటు మెల్లగా పది ఇరవై రూపాయలు కదిలే నెలల్లో ఈ లోపం పైకి కనబడదు. ఒకేసారి 250 ఎగిరిన నెలలో మాత్రం దాన్ని నమ్ముకుని అమ్మకం రేటు పెడితే దెబ్బతింటారు.

ఇక్కడ ఒక పక్కమాట. సుంకం పెరిగిన వారంలోనే, సెప్టెంబర్ 17న, కేంద్ర ఆహార కార్యదర్శి నూనె పరిశ్రమ సంఘాలతో సమావేశమయ్యారు. తక్కువ సుంకంతో దిగుమతి అయిన నిల్వలు దేశంలో సుమారు 30 లక్షల టన్నులు ఉన్నాయని, అవి అయిపోయేదాకా ఎంఆర్‌పీలు పెంచవద్దని చెప్పారు. లెక్కల భాషలో అది అచ్చంగా ఫిఫో వాదన. పాత సరుకు ముందు పోతుంది, కాబట్టి పాత ఖరీదుకే అమ్మండి అన్నట్టు. కొట్టువాడు మాత్రం ఇంకోలా ఆలోచిస్తాడు. ఈ టిన్ను అమ్మితే దీని స్థానంలో రేపు తెచ్చే టిన్ను ఎంత? దాన్నిబట్టే రేటు పెడతాడు. ఇది ఫిఫో కాదు, సగటూ కాదు, తిరిగి కొనే ఖరీదు. స్టాకు లెక్క పద్ధతికీ అమ్మకం రేటు నిర్ణయానికీ ముడిపెట్టే చోటే చాలా గొడవలు మొదలవుతాయి.

ఆ తిరిగి కొనే ఖరీదుతో ఫిఫో లాభాన్ని ఒకసారి పోల్చి చూడాలి. ఫిఫో ప్రకారం సెప్టెంబర్‌లో 1,19,000 లాభం వచ్చింది. అదే నెలాఖరున, అమ్మిన 750 టిన్నులనూ 1,900 చొప్పున తిరిగి నింపాలంటే 14,25,000 కావాలి. అమ్మకాల మీద వచ్చింది 13,34,000. కొట్టు ఖర్చులు, వడ్డీ తీయకముందే 91,000 తక్కువ. లాభం వచ్చిందని పుస్తకం చెబుతుంటే, పాత మోతాదులో సరుకు నింపడానికి గల్లాపెట్టెలో డబ్బు చాలడం లేదు. మోసం ఏమీ జరగలేదు. తక్కువ రేటుకు కొన్నది రేటు పెరిగేదాకా చేతిలో ఉండటం వల్ల వచ్చిన లాభం కొంత ఉంది, అది మళ్లీ సరుకులోకే పోతుంది. ఫిఫో దాన్ని వ్యాపార లాభంతో కలిపి చూపిస్తుంది. ఆ అంకె చూసి ఇంటిఖర్చులకు డ్రాయింగ్స్ పెంచితే తర్వాతి నెల లారీకి డబ్బు అందదు. ధరలు పెరిగే కాలంలో ఫిఫో లాభాన్ని కొంచెం అనుమానంగానే చూడాలి.

అయితే ఏ పద్ధతీ లాభాన్ని కొత్తగా పుట్టించదు, పోగొట్టదు. ఏ నెలలో కనబడాలన్నదే మారుస్తుంది. ఈ 250 టిన్నులనూ అక్టోబర్‌లో 1,980 చొప్పున 4,95,000కి అమ్మేశారనుకోండి. సెప్టెంబర్ క్లోజింగే అక్టోబర్ ఓపెనింగ్ కాబట్టి, ఫిఫోలో ఆ అమ్మకం మీద మిగిలేది 25,000. చలన సగటులో 43,750. నెల సగటులో 73,750. రెండు నెలలూ కలిపి చూస్తే మూడింటిలోనూ లాభం 1,44,000. నెల సగటు సెప్టెంబర్‌లో దాచినదాన్ని అక్టోబర్‌లో చూపిస్తుంది, ఫిఫో సెప్టెంబర్‌లోనే చూపించి అక్టోబర్‌ను పలచన చేస్తుంది. ఆ నెల మార్చి అయినప్పుడు మాత్రం ఈ తేడాను తేలిగ్గా తీసుకోలేం. మార్చి 31 క్లోజింగ్ స్టాకు ఎక్కువైతే ఈ ఏడాది లాభం ఎక్కువ, ఈ ఏడాదే పన్ను. తక్కువైతే ఆ మేరకు పన్ను వచ్చే ఏడాదికి జరుగుతుంది.

అలాగని ఏటా ఏది తక్కువైతే అది పట్టుకునే వీలు లేదు. మన చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ స్టాకు విలువకట్టడానికి పెట్టిన రెండో అకౌంటింగ్ ప్రమాణం, ఆదాయపు పన్ను లెక్కకు పెట్టిన ఐసీడీఎస్ ప్రమాణం, ఈ రెండూ ఫిఫోను, వెయిటెడ్ యావరేజ్‌ను ఒప్పుకుంటాయి. చివర వచ్చినది మొదట పోయిందనుకునే లిఫోను ఒప్పుకోవు. అమెరికాలో లిఫో ఇంకా చెల్లుతుంది, అక్కడి పాఠ్యపుస్తకాల్లోంచి ఉదాహరణలు ఎత్తుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. రెండింటిలో ఒకటి ఎంచుకున్నాక ఏటా దాన్నే నడపాలి. మారిస్తే సరైన కారణం ఉండాలి, లాభం మీద దాని ప్రభావం ఎంతో చెప్పాలి.

లెక్కలో ఎక్కడ తప్పులు పడతాయంటే, మొదటిది సగటు అన్న మాటలోనే ఉంది. నాలుగు రేట్లు కలిపి నాలుగుతో భాగించడం వెయిటెడ్ యావరేజ్ కాదు. మన ఉదాహరణలో 1,500, 1,550, 1,800, 1,900 కలిపి నాలుగుతో భాగిస్తే 1,687.50 వస్తుంది. అసలు నెల సగటు 1,685. రెండున్నర రూపాయల తేడాయే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, పైగా పద్ధతి సరైనదే అన్న నమ్మకం కుదురుతుంది. లాట్‌లు దాదాపు సమానంగా ఉండటం వల్ల జరిగిన యాదృచ్ఛికం అది. 26న 200కు బదులు 20 టిన్నులే వచ్చి ఉంటే నాలుగు రేట్ల సాదా సగటు అదే 1,687.50 చెబుతుంది. అసలు సగటు మాత్రం 820 టిన్నులకు 13,43,000, అంటే సుమారు 1,638కి దిగుతుంది. టిన్నుకు యాభై రూపాయల తప్పు. ఎక్సెల్‌లో చేసేవాళ్లు అమ్మకాలు వదిలేసి, బి నిలువు వరసలో టిన్నులు, సి నిలువు వరసలో రేట్లు పెట్టుకుంటే వాడవలసిన ఫార్ములా ఇది:

```
=SUMPRODUCT(B2:B5,C2:C5)/SUM(B2:B5)
```

`AVERAGE` వాడితే పైన చెప్పిన తప్పే వస్తుంది. ఆ నాలుగు అడ్డు వరసల్లో మొదటిది ఓపెనింగ్ స్టాక్ అయి ఉండాలి. కొనుగోళ్లు మాత్రమే తీసుకుని ఓపెనింగ్ వదిలేస్తే 13,85,000ను 800తో భాగించినట్టు అవుతుంది, 1,731.25 వస్తుంది. రేట్లు పెరుగుతున్న నెలలో ఓపెనింగే అన్నిటికంటే చవక సరుకు కాబట్టి, దాన్ని వదిలేస్తే సగటు ఎప్పుడూ పైకే తప్పుతుంది. 16,85,000 తనిఖీ దీన్ని వెంటనే పట్టిస్తుంది. 1,731.25ను 1,000 టిన్నులతో హెచ్చవేస్తే 17,31,250 వస్తుంది, పెట్టిన డబ్బు కంటే 46,250 ఎక్కువ.

రేటు అన్నది బిల్లు మీద అచ్చయిన అంకె ఒక్కటే కాదు. కాకినాడ నుంచి వచ్చిన లారీ కిరాయి, గోడౌన్‌లో దించిన హమాలీ కూలి ఆ లాట్ ఖరీదులోకి చేరాలి. సరఫరాదారు ఇచ్చిన ట్రేడ్ డిస్కౌంట్ తీసేయాలి. రిటైల్ కొట్లకు టిన్నులు పంపిన ఆటో కిరాయి అమ్మకం ఖర్చు, స్టాకులోకి రాదు. ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగొచ్చే జీఎస్టీ పుస్తకాల్లో స్టాకు విలువలోకి రాదు. ఆదాయపు పన్ను చట్టం మాత్రం కొనుగోలు, అమ్మకం, స్టాకు మూడింటినీ పన్ను కలిపి చూపమంటుంది. మూడు వైపులా సరిగ్గా కలిపితే లాభం సాధారణంగా మారదు. ఒక వైపు మాత్రమే కలిపితేనే చిక్కు. కిరాయి విషయంలో ఫిఫో వాడేవాళ్లు ఇంకాస్త జాగ్రత్తపడాలి. నెల కిరాయిలన్నీ ఒకే లెడ్జర్‌లో పడేసి ఊరుకుంటే ఏ కిరాయి ఏ లాట్‌దో తేలదు.

ఇప్పుడు మైనస్ స్టాకు సంగతి. 17న లారీ దిగింది, సరుకు గోడౌన్‌లో ఉంది, కానీ కొనుగోలు బిల్లు పుస్తకంలోకి 25న ఎక్కిందనుకోండి, అదీ 25వ తేదీతోనే. 21న 250 టిన్నులు అమ్మిన బిల్లు మాత్రం అదే రోజు కంప్యూటర్‌లో పడింది. పుస్తకం ప్రకారం అప్పటికి ఉన్నవి 150 టిన్నులే. 100 టిన్నులు లేని సరుకులోంచి పోయాయి. వాటి ఖరీదు ఎంత? చలన సగటు ప్రకారం ఆ రోజుకు నడుస్తున్నది 1,530, కాబట్టి 1,800కి కొన్న సరుకు కూడా 1,530కే పోయినట్టు పడుతుంది. అమ్ముడైన సరుకు ఖరీదు తగ్గుతుంది, లాభం ఉబ్బుతుంది, మిగిలిన స్టాకు మీద అసహజమైన రేటు నిలుస్తుంది. బిల్లును దాని అసలు తేదీ 17తో ఎక్కించి, లెక్క మళ్లీ మొదటి నుంచి తిప్పితేనే ఇది సర్దుకుంటుంది. అందుకే క్లోజింగ్ రేటు చూసేముందు స్టాకు రిజిస్టర్‌లో ఏ తేదీనైనా మైనస్ ఉందేమో చూడటం మంచి అలవాటు. నెల సగటుకు ఈ బెడద తక్కువ, బిల్లు ఆ నెలలో ఎప్పుడు ఎక్కినా సగటు అదే. దాని మొండితనమే ఇక్కడ దానికి మేలు చేస్తుంది.

టాలీలో ఒక్కో స్టాక్ ఐటమ్‌కు `Costing Method` విడిగా ఉంటుంది. మామూలుగా అది `Avg. Cost` మీద ఉంటుంది. `Monthly Avg. Cost`, `FIFO` కూడా అదే జాబితాలో దొరుకుతాయి. సగటు ఎంపికల్లో ఏది ఏ తేదీ నుంచి లెక్క కడుతోందో నోటిమాటతో తేల్చుకోవడం కంటే, ఒక ఖాళీ టెస్ట్ కంపెనీ తెరిచి పైన ఉన్న ఏడు ఎంట్రీలూ వేసి చూడటం మేలు. 1,685 వచ్చిందా, 1,805 వచ్చిందా అన్నది ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. అలా చూసేటప్పుడు అసలు కంపెనీలో మాత్రం ఆ సెట్టింగ్ ముట్టుకోకూడదు. విలువలు రిపోర్టు తెరిచినప్పుడల్లా లెక్కకట్టేవి కాబట్టి, పద్ధతి మారిస్తే పాత నెలల క్లోజింగ్ కూడా మారిపోతుంది. బ్యాంకుకు ఇచ్చేసిన స్టేట్‌మెంట్‌కూ పుస్తకానికీ అప్పుడు పొంతన కుదరదు.

బ్యాంకు మాట వచ్చింది కాబట్టి, సరుకు హామీ మీద బ్యాంకు ఇచ్చే క్యాష్ క్రెడిట్ అప్పు ఉన్న కొట్టుకు నెలాఖరు స్టాకు విలువతో నేరుగా పని. స్టాకు విలువలో 25 శాతం మార్జిన్‌గా మినహాయించే ఖాతాలో, సరఫరాదారులకు బాకీ లేదనుకుంటే, 4,70,000 స్టాకుకు వాడుకోగల పరిమితి 3,52,500. 4,21,250 స్టాకుకు 3,15,937.50. ఒక్క సరుకులోనే 36,562.50 తేడా. ఈ ఆశతో పుస్తకాల్లో సగటు, బ్యాంకుకు ఫిఫో పంపేవాళ్లున్నారు. ఆడిట్‌లో మొదట పక్కపక్కన పెట్టి చూసేది ఈ రెండు అంకెలనే.

పద్ధతి ఏదైనా, వచ్చిన అంకెను అలాగే రాసేయకూడదు. ఖరీదు, నికరంగా చేతికొచ్చే అమ్మకం విలువ, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అదే స్టాకు విలువ. ధరలు పైకి పోతున్నప్పుడు ఈ నియమం గుర్తుకు రాదు. కానీ ఎగిరిన ధర నెలాఖరులోపే కాస్త జారితే ముందు చిక్కుకునేది ఫిఫోనే, ఎందుకంటే దాని స్టాకు అంతా ఎక్కువ రేటుకు కొన్నదే. ఉదాహరణకు సెప్టెంబర్ 30న టిన్ను మార్కెట్లో, అమ్మకం ఖర్చులు పోను, 1,850 మాత్రమే పలుకుతోందనుకుందాం. ఫిఫో స్టాకు టిన్నుకు సగటున 1,880 ఉంది. 250 టిన్నులనూ 1,850కి దించాలి, విలువ 4,62,500 అవుతుంది, లాభంలోంచి 7,500 పోతుంది. 1,805 దగ్గరున్న చలన సగటుకూ, 1,685 దగ్గరున్న నెల సగటుకూ దించవలసింది ఏమీ లేదు. 2025 మే చివర్లో ప్రభుత్వం ముడి నూనెల మీద ఆ 20 శాతం సుంకాన్ని 10 శాతానికి తగ్గించింది. అలాంటి నెల ముగిసినప్పుడు ఫిఫోలో ఉన్న కొట్టు మొదట చేయవలసిన పని, ఆఖరు లాట్ రేటు పక్కన ఆ రోజు అమ్మకం రేటు రాసుకుని చూడటం.

వచ్చిన మూడు అంకెలనూ వరసలో పెట్టి చూడటం కూడా ఒక తనిఖీయే. ప్రతి కొనుగోలూ ముందుదానికంటే ఎక్కువ రేటుకు జరిగిన నెలలో ఫిఫో క్లోజింగ్ అన్నిటికంటే పైన, నెల సగటు కింద, చలన సగటు మధ్యలో ఉండాలి. ఫిఫో రేటు ఆఖరి రేటు 1,900ను దాటకూడదు. మిగిలిన టిన్నులు ఆఖరి లాట్ కంటే తక్కువైతే సరిగ్గా 1,900 రావాలి. నెలలో రేటు నిక్కచ్చిగా పెరిగింది, అయినా చలన సగటు నెల సగటు కంటే కింద తేలిందంటే, ఏదో ఒక కొనుగోలు బిల్లు తప్పు తేదీతో పడిందేమోనని ముందు వెతకాలి.